పాత మెయిలుకు లైఫ్ సర్టిఫికెట్

ఉచితంగా ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకుంటే మనకు వచ్చేంత కోపం, డబ్బు పోసి కొన్నది పోయినా రాదు. 2023 మే 16న గూగుల్ ఒక ప్రకటన చేసింది. రెండేళ్ల పాటు ఎవరూ ముట్టుకోని వ్యక్తిగత ఖాతాలను, వాటిలోని ఉత్తరాలు, ఫొటోలు, ఫైళ్లతో సహా తీసేస్తామనీ, ఆ పని అదే ఏడాది డిసెంబర్ 1కి ముందు మాత్రం మొదలుపెట్టమనీ చెప్పింది. దాంతో ఏళ్ల తరబడి ఆ వైపు తొంగిచూడని వాళ్లకు కూడా పాత జీమెయిల్ మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో అభిమాన హీరో పేరుకు మూడు అంకెలు తగిలించి పెట్టుకున్న చిరునామా అది. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే రోజు వచ్చేసరికి ఆ పేరు చూసి సిగ్గేసి ఇంకోటి తెరిచారు. పాతది అలాగే పడి ఉంది. ఇన్నాళ్లూ ‘అదొకటుందిలే’ అన్నవాళ్లే ఇప్పుడు ‘మాదాన్ని ఎలా తీసేస్తారు’ అంటున్నారు. నా వాదన ఒక్కటే. ఈ నియమం చెడ్డదేమీ కాదు. పాత ఖాతాను చంపేది రెండేళ్ల గడువు కంటే ముందుగా మన చచ్చిపోయిన ఫోన్ నంబరే.

ముందు ‘వాడటం’ అంటే ఏమిటో తేల్చుకోవాలి, చాలామంది జారిపడేది ఇక్కడే. ‘ఆ ఖాతాకు రోజూ మెయిళ్లు వస్తూనే ఉన్నాయి కదా, నిద్రపోతోందని ఎలా అంటారు’ అని మొదటి అభ్యంతరం. రావడం వేరు, చదవడం వేరు. చీరల డిస్కౌంటు మెయిలు రోజుకు నాలుగుసార్లు వచ్చినంత మాత్రాన ఖాతాదారు ఉన్నట్టు కాదు, చీరల కొట్టు ఉన్నట్టు. పింఛను తీసుకునే పెద్దాయన ఏటా నవంబరులో నేను బతికే ఉన్నానని బ్యాంకుకు రుజువు చూపించుకోవాలి. పింఛను ఖాతాలో పడుతూనే ఉంది కదా, అదే రుజువు అంటే కౌంటర్లో వినరు. గూగుల్ అడిగేదీ ఇలాంటి లైఫ్ సర్టిఫికెట్టే, కాకపోతే రెండేళ్లకొకసారి. ఆ ఖాతాతో లాగిన్ అయి ఒక మెయిలు చదివినా, పంపినా, డ్రైవ్‌లో ఫైలు తెరిచినా, యూట్యూబ్‌లో వీడియో చూసినా, ప్లే స్టోర్ నుంచి యాప్ దించుకున్నా, ఏదైనా వెతికినా చాలు. వేరే యాప్‌లోకి ‘గూగుల్‌తో సైన్ ఇన్’ అని వెళ్లినా లెక్కే. డబ్బు కట్టే గూగుల్ వన్ చందా నడుస్తుంటే ఆ ఖాతా జోలికి రారు.

ఇందులో రెండు మెలికలున్నాయి. లెక్క ఖాతాను బట్టి, ఫోన్‌ను బట్టి కాదు. మీ ఫోన్‌లో రెండు ఖాతాలు ఎక్కించి ఉండొచ్చు. రోజూ వీడియోలు చూసేది, వెతికేది కొత్త ఖాతాతో అయితే, పక్కనే ఉన్న పాత ఖాతాకు ఆ పుణ్యం అంటదు. రెండోది, ఫొటోల సంగతి వేరు. మెయిలు చదివినంత మాత్రాన గూగుల్ ఫొటోస్ వాడినట్టు కాదు, రెండేళ్లలో ఒకసారైనా దాన్ని విడిగా తెరవాలి. మెయిలు బతికి, పాప అన్నప్రాశన ఫొటోలు పోయాయంటే ఆ మెయిలుతో ఏం చేసుకుంటాం?

ఇక అసలు ప్రశ్న. ‘అంత పెద్ద కంపెనీకి నా పదిహేను జీబీ బరువా? ఊరికే ఓ మూల పడి ఉంటే ఏం పోతుంది?’ కంపెనీకి చోటు ఆదా అవుతుందన్నది నిజమే, అందులో ధర్మకార్యం ఏమీ లేదు. కానీ ఆ ప్రకటనలో చెప్పిన ముఖ్య కారణం భద్రత. వదిలేసిన ఖాతాల్లో రెండంచెల తనిఖీ పెట్టుకున్నవి, వాడుకలో ఉన్న వాటితో పోలిస్తే కనీసం పది రెట్లు తక్కువట. పాస్‌వర్డేమో ఆ రోజుల్లో ప్రతి వెబ్‌సైటుకూ వాడిన అదే పదం, చివర 123. ఎక్కడో ఒకచోట అది బయటపడితే, దొంగ దాన్ని పట్టుకుని మిగతా తలుపులన్నీ తట్టి చూస్తాడు. మనం రోజూ చూసే ఖాతా అయితే ‘కొత్త పరికరం నుంచి సైన్ ఇన్’ అనగానే ఉలిక్కిపడతాం. పాతదాంట్లో దొంగ కాపురం పెట్టినా మనకు తెలియదు. దాంట్లో ఏముందిలే అంటారేమో. ఆ పెట్టెలోనే ఎప్పుడో పంపుకున్న పాన్ కార్డు, పాస్‌పోర్టు స్కాన్లు ఉంటాయి. ఆదాయపు పన్ను పోర్టల్‌లో మెయిలు ఐడీ అని ఇచ్చింది కూడా చాలాసార్లు అదే.

పాతవాటిని తీసేయడంలో తప్పు దారి కూడా ఒకటుంది. 2013లో యాహూ, ఏడాదిగా వాడని పేర్లను వెనక్కి తీసుకుని, అడిగిన కొత్తవాళ్లకు ఇచ్చింది. కొత్త యజమానులకు పాతవాళ్ల ఉత్తరాలు, ఖాతాల వివరాలు వచ్చిపడటం మొదలైంది. గూగుల్ ఆ పని చెయ్యదు. ఒకసారి పోయిన జీమెయిల్ చిరునామా ఇంకెవరికీ ఇవ్వరు, మీరు వెళ్లి బతిమాలినా మీకూ ఇవ్వరు. కఠినంగా అనిపించినా, హీరో పేరుతో ఉన్న మీ చిరునామా మరో అభిమాని చేతికి వెళ్లి, మీ బ్యాంకు స్టేట్‌మెంటు ఆయన చదవడం కంటే ఇదే నయం.

‘సరే, తీసేముందు చెప్పాలి కదా’ అంటారు. చెబుతారు. నెలల ముందు నుంచి, పలుమార్లు. ఎక్కడికి చెబుతారన్నదే చిక్కు. ఒకటి ఆ ఖాతాకే పంపుతారు, అంటే మనం తెరవని పెట్టెకు. రెండోది, మనం ఇచ్చిన రికవరీ మెయిలుకు. ఇక్కడ ఒక మామూలు కేసు వేసి చూద్దాం. ఒకాయన 2009లో జీమెయిల్ తెరిచి, రికవరీగా అప్పటి యాహూ చిరునామా ఇచ్చాడు. ఫోన్ నంబరుగా హాస్టల్లో వాడిన ప్రీపెయిడ్ సిమ్ ఇచ్చాడు. చివరిసారి జీమెయిల్ తెరిచింది 2022 మార్చి. అంటే 2024 మార్చి నాటికి ఖాతా తొలగింపు గీతకు వచ్చేసింది. హెచ్చరిక యాహూకు వెళ్లింది. యాహూలో గడువు రెండేళ్లు కూడా కాదు, పన్నెండు నెలలు తెరవకపోతే పెట్టె ఖాళీ చేస్తారు. ఆ పెట్టె ఎప్పుడో పోయింది. పోయినవాడికి పోయినవాడి చిరునామాతో ఉత్తరం రాసినట్టయింది. ఇప్పుడు ఆయనకు ఎవరో చెప్పగా గుర్తొచ్చి లాగిన్ కాబోయాడు. పాస్‌వర్డ్ గుర్తుంది, సరిగ్గానే కొట్టాడు. కొత్త ఫోను, కొత్త ఊరు కాబట్టి గూగుల్‌కు అనుమానం వచ్చి, 47తో ముగిసే నంబరుకు కోడ్ పంపుతామంది. మన దేశంలో ప్రీపెయిడ్ సిమ్ తొంభై రోజులు వాడకపోతే, ఇరవై రూపాయల బ్యాలెన్సు కూడా లేకపోతే, కంపెనీ నంబరును ఆపేయొచ్చు. ఆపేశాక మరో తొంభై రోజులు గడిస్తే దాన్ని ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఆ కోడ్ ఇప్పుడు ఏ ఊళ్లోనో, ఏ ట్రాక్టర్ డ్రైవర్ ఫోన్లోనో టింగుమంటుంది. ఆయన దాన్ని కూడా లోన్ ఇస్తామనే మెసేజ్ అనుకుని తుడిచేస్తాడు. ఖాతా ఇంకా ఉంది, పాస్‌వర్డ్ ఉంది, యజమాని ఉన్నాడు, గడప దాటే దారి మాత్రం లేదు. ఆయన్ని గెంటేసింది రెండేళ్ల నియమం కాదు, రీఛార్జి చెయ్యని సిమ్.

బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. మనిషే పోతే? 2019 నవంబరులో ట్విట్టర్ కూడా నిద్రపోతున్న ఖాతాలను తీసేస్తామంది. చనిపోయిన మా వాళ్ల మాటలన్నీ చెరిపేస్తారా అని జనం గగ్గోలు పెడితే, కొద్ది రోజుల్లోనే ఆపేసింది. ఆ బాధ న్యాయమైనదే. గూగుల్‌లో దీనికి 2013 నుంచి ఒక ఏర్పాటుంది, వాడేవాళ్లే తక్కువ. myaccount.google.com/inactive అనే చోటికి వెళ్లి, ఖాతా ఎన్నాళ్లు మూగబోతే మీరు లేనట్టు లెక్కో మీరే చెప్పొచ్చు: మూడు నెలలా, ఆరా, పన్నెండా, పద్దెనిమిదా. ఆ తర్వాత ఎవరికి కబురు వెళ్లాలో, ఫొటోలు ఎవరికి, మెయిళ్లు ఎవరికి అన్నదీ మీ ఇష్టమే. పదిమంది దాకా పేర్లు ఇవ్వొచ్చు. పొలం గట్ల మీద వీలునామా రాసే మనం, మన ఉత్తరాలు ఎవరు చూడొచ్చో ఎవరు చూడకూడదో కూడా ఒక మాట రాసిపెట్టుకుంటే ఇంట్లో వాళ్లకు శ్రమ తప్పుతుంది, కొందరికైతే పరువు దక్కుతుంది.

‘బ్యాంకు ఇలా చెయ్యదు కదా’ అనేది చివరి అభ్యంతరం, దీనికి మాత్రం నేను తల వంచుతాను. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రెండేళ్లు లావాదేవీ లేని ఖాతా నిద్రాణం అవుతుంది. పదేళ్లు దాటితే సొమ్ము డిపాజిటర్ల నిధికి వెళుతుంది. అయినా వారసుడు కాగితాలతో వస్తే తిరిగి ఇవ్వాల్సిందే. మెయిలుకు అలాంటి నిధి లేదు, పోయిందంటే పోయినట్టే. అక్కడ చట్టం కాపలా కాస్తోంది, ఇక్కడ మనం చదవకుండా ‘ఐ అగ్రీ’ నొక్కిన షరతులు. అందుకే నిజంగా విలువైనవి అక్కడ మాత్రమే ఉంచకూడదు. takeout.google.com లోకి వెళితే మీ మెయిళ్లు, ఫొటోలు అన్నీ మూటగట్టి దించుకోవచ్చు.

పని పావుగంటలో అయిపోతుంది. ఉగాది రోజు పంచాంగం వినడం ముగిశాక కూర్చోండి, ఏటా ఒకే రోజైతే మర్చిపోరు. పాత ఖాతాతో విడిగా లాగిన్ అయి, ఒక మెయిలు తెరిచి చదవండి, తర్వాత ఫొటోస్ తెరవండి. కంప్యూటర్లో జీమెయిల్ పేజీ అడుగున కుడివైపు Last account activity అని సన్నటి అక్షరాలుంటాయి. పక్కనున్న Details నొక్కితే ఈమధ్య ఎప్పుడు, ఎక్కడి నుంచి తెరిచారో కనిపిస్తుంది. అందులో మీరు వెళ్లని ఊరు కనిపిస్తే ముందు పాస్‌వర్డ్ మార్చండి. లేకపోతే నేరుగా రికవరీ నంబరు, రికవరీ మెయిలు చూసి, ఇప్పుడు మీ చేతిలో ఉన్నవి పెట్టండి. రెండంచెల తనిఖీ పెట్టి, అది ఇచ్చే పది బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో దాచండి. ఇంత చెయ్యడానికి కూడా బద్ధకమైతే, ఆ ఖాతా మీకు అక్కర్లేదన్న సంగతి గూగుల్ కంటే ముందు మీరే తేల్చుకున్నట్టు. అప్పుడు ఫొటోలు దించుకుని మీరే మూసేయండి, ఎవరి మీదా కోపం పెట్టుకోవాల్సిన పని ఉండదు.