బాణం ఎటు చూస్తే అటు

గడ్డిఅన్నారంలో లారీలు నిలిపే చోటు లేక చుట్టుపక్కల రోడ్లన్నీ కిటకిటలాడుతుంటే, పండ్ల మార్కెట్‌ను కోహెడకు మార్చాలని 178 ఎకరాలు చూశారు. 2020 వేసవిలో మామిడి బేరాలు అక్కడే మొదలుపెట్టారు. మే నెలలో వచ్చిన గాలివానకు తాత్కాలిక షెడ్లు కూలిపోయాయి, తర్వాత మార్కెట్ బాటసింగారం బాట పట్టింది. రేపు కోహెడలో పక్కా మార్కెట్ నిలబడ్డాక పండ్లకంటే ముందు వచ్చేవి నో పార్కింగ్ బోర్డులే. అవి ఎట్లుంటాయో ఇప్పుడే ఊహించుకుంటే మంచిది, తర్వాత చలాను చదువుకునే పని తప్పుతుంది.

ఒక స్తంభం అనుకోండి. పైన నీలం గుండ్రం, చుట్టూ ఎర్ర అంచు, అడ్డంగా ఒక ఎర్ర గీత. దాని కింద రెండు వైపులా బాణం. దాని కింద ‘ఉ. 8 నుంచి రా. 8’. దాని కింద ‘లోడింగ్, అన్‌లోడింగ్‌కు మినహాయింపు’. అన్నిటికన్నా కింద, పెయింటర్‌కు మిగిలిన జాగాలో ‘మ. 12 నుంచి 3’. రోడ్డు మీద వెళ్తూ ఇదంతా చదవాలి. చదవలేకపోతే మనకు చదువు రాదని అర్థం. బోర్డు పెట్టినవారికి మాత్రం రాయడం వచ్చినట్టే లెక్క.

ఇబ్రహీంపట్నం నుంచి మామిడి ట్రేలతో డీసీఎం ఒకటి 11:40కి ఇక్కడికి వస్తుంది. డ్రైవర్ ముందుగా చూడాల్సింది గీతలు. ఒక గీతైతే బండి పెట్టి పోవద్దని. రెండు గీతలు ఒకదాన్నొకటి కోస్తూ ఉంటే ఆగనే ఆగొద్దని. మనవాళ్లకు రెండూ ఎర్రగానే కనిపిస్తాయి కాబట్టి రెంటినీ ఒకే శ్రద్ధతో లెక్కచేయరు. జర్మనీలో మన తెలుగు పిల్లలు లైసెన్సు కోసం ఈ తేడా బట్టీ పడతారు: అక్కడ ఒక గీత కింద మూడు నిమిషాల దాకా ఆగవచ్చు, సామాను దించుతుంటే అంతకన్నా ఎక్కువసేపూ ఉండవచ్చు. కాకపోతే దించడంలో జాప్యం చేయొద్దు.

మన డీసీఎం సంగతి. పైపలక ప్రకారం 8 నుంచి 8 దాకా నిషేధం, మినహాయింపు 12కు మొదలు. అంటే ఇరవై నిమిషాలు ఆగాలి. ఎక్కడ ఆగాలి? అక్కడ ఆగితే పార్కింగే. “అన్నా, పన్నెండు దాకా ఎటన్నా తిరిగి రా” అని కానిస్టేబుల్ దయతలుస్తాడు. ట్రేల బరువుతో, డీజిల్ ఖర్చుతో, మామిడి ఎండలో మగ్గుతుండగా బండి ఊరు చుట్టొస్తుంది. 12:10కి దింపుడు మొదలై 12:40కి అయిపోయిందనుకుందాం. మినహాయింపు సరుకుకే గానీ బండికి కాదు, కాబట్టి చివరి ట్రే దిగగానే అది కూడా దిగిపోతుంది. డ్రైవర్ చాయ్ తాగడానికి కూర్చుంటే, మూడు గంటల దాకా టైముందన్న ధీమాతో కూర్చున్నా సరే, అది పార్కింగే. ఇదే పలకను అడ్డం పెట్టుకుని, డిక్కీలో రెండు కిలోల బంగినపల్లి వేసుకుని, “అన్‌లోడింగ్ సార్” అనే కార్లవాళ్లు ఎలాగూ ఉంటారు. వాళ్లతో పోలిస్తే ఆ డ్రైవర్ ధర్మరాజు.

ఇక బాణం. దాని సత్యవాక్కు మొత్తం ఒక బోల్టు మీద ఆధారపడి ఉంటుంది. పలకకు ఎదురుగా నిలబడి చూస్తే బాణం కుడికి ఉందంటే నిషేధం స్తంభానికి కుడివైపున మొదలైనట్టు. చివరి స్తంభం మీది బాణం ఎడమకు, అంటే వెనక్కి మొదటిదాని వైపు చూడాలి. నడుమ ఉన్నవాటికి రెండు మొనలు. లారీ వెనక్కి వస్తూ పలకను కాస్త తట్టితే చాలు, బోల్టు వదులై పలక తిరుగుతుంది; నిషేధం ఖాళీ జాగాను వదిలి పక్కనే ఉన్న ఛాయ్ బండి మీదికి పోతుంది. కనిపెట్టాలంటే ఒక్క బోర్డు చాలదు, వరసలో రెండూ చూడాలి. మొదటిదీ చివరిదీ రెండూ ఒకే దిక్కుకు చూస్తుంటే ఏదో ఒకటి తిరిగినట్టే. అప్పుడు నిషేధం ఎక్కడ ముగిసిందో ఎవరికీ తెలియదు, బండి లేపుకుపోయే క్రేన్‌కు తప్ప.

క్రేన్‌కు 1988 మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ అండగా ఉంది. పార్కింగ్‌ను చట్టప్రకారం నిషేధించిన చోట ఉన్న బండిని తీసుకుపోవచ్చంటుంది ఆ సెక్షన్. ‘చట్టప్రకారం’ అన్న మాటకు ఆధారం ఆ వదులైన బోల్టే. ఆ పైన ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి ఉంటే ఆధారం కూడా కనిపించదు, అన్నగారి నవ్వు మాత్రం కనిపిస్తుంది.

అందుకే నాదొక చిన్న డిమాండు. చలాను ఫొటోలో బండి నంబరు ముత్యంలా పడుతుంది, బోర్డు ఎక్కడా కనపడదు. రేపు కోహెడలో ఫొటో తీసేవారు రెండు అడుగులు వెనక్కి నడవాలి. ఫ్రేములో బాణం, టైము పలక, ట్రేలు దిగుతున్నాయా లేదా అన్నది, పక్కన గడియారం ఉండాలి. ఫొటోగ్రాఫర్ అంత దూరం జరగలేకపోతే, అతను నిలబడ్డ చోటి నుంచి బండి పెట్టేవాడూ బోర్డు చదవలేకపోయాడని ఒప్పుకుని చలాను చింపేయాలి.