వేడెక్కితే సున్నా అని రాసుకోండి!

ఎండలు ముదిరేసరికి ఆ రీల్ మళ్ళీ ఊళ్ళమీద పడింది. ల్యాప్‌టాప్‌కి ఫోన్ తగిలించి, నల్ల తెరమీద ఒక్క లైను కొట్టి, ‘ఇక మీ ఫోన్ వేడెక్కదు, గేమ్ ఆగదు’ అని చిటికేసే కుర్రాడి రీల్. అనకాపల్లి దగ్గర తుమ్మపాలలో టీ కొట్టు దగ్గర బీజీఎంఐ ఆడే పిల్లలు కూడా అప్పుడే ఆ లైను కొట్టేశారు. వేడెక్కిందన్న హెచ్చరిక రావడం మానేసిందట. సమస్య తీరిపోయిందట!

ఆ లైను ఇది.

```
adb shell cmd thermalservice override-status 0
```

దీని మహత్యం తెలియాలంటే ముందు ఆండ్రాయిడ్ లెక్క తెలియాలి. పదో వెర్షన్ నుంచి ఆండ్రాయిడ్ తన వేడికి ఏడు మెట్లు పెట్టుకుంది. సున్నా అంటే ఏమీ లేదు, ఆరు అంటే ఇక ఆపేస్తున్నా అని. గేమ్ మధ్యమధ్యలో ‘ఇప్పుడు ఏ మెట్టు మీదున్నావు?’ అని ఫోన్‌ని అడుగుతుంది. రెండో మూడో అని జవాబొస్తే, బాగా రాసిన గేమైతే నీడలు, గడ్డిపోచలు, పొగలు తగ్గించి బరువు దించుకుంటుంది. రీల్ వీరుడి లైను చేసేది ఆ జవాబుకు తాళం వేయడం. ఎప్పుడు అడిగినా సున్నాయే. బ్యాటరీ 47 డిగ్రీల మీదున్నా సున్నా. వెనక అద్దం చేతికి చురుక్కుమంటున్నా సున్నా.

బెల్లం వండే ఊళ్ళవాళ్ళకి ఇది వేరే చెప్పాలా? పాకం ముదిరిందని అరిచేవాణ్ణి పొయ్యి దగ్గర నుంచి తరిమేసి, పెనం చల్లబడిందని సంబరపడినట్టుంది.

పైగా ఈ మోసం సగంలోనే ఆగిపోతుంది. తాళం పడేది పైన యాప్‌లకు చెప్పే జవాబుకే. కింద చిప్ దగ్గర, బ్యాటరీ దగ్గర ఉన్న కాపలా ఈ లైను మాట వినదు. సిలికాన్ 80, 90 డిగ్రీలు దాటుతుంటే అది తన వేగాన్ని తానే కోసేసుకుంటుంది. ఆ సంగతి గేమ్‌కి మాత్రం తెలియదు, దానికి మనవాడు సున్నా అని చెప్పించాడుగా. అది పూర్తి బరువు వేస్తూనే ఉంటుంది, కింద చిప్ నీరసిస్తూనే ఉంటుంది. నింపాదిగా 40 ఫ్రేములతో నడవాల్సిన ఆట ఒక క్షణం 60, మరుక్షణం 20 అయి ఎగిరెగిరి పడుతుంది. అప్పుడు కుర్రాడు నెట్‌వర్క్‌ని తిడతాడు.

నిజంగా ఎంత వేడుందో చూడాలంటే అదే ల్యాప్‌టాప్‌లో, అదే తీగతో ఇంకో లైను ఉంది.

```
adb shell dumpsys battery
```

వచ్చిన జాబితాలో temperature దగ్గర 412 అని ఉంటే 41.2 డిగ్రీలు. లెక్క డిగ్రీలో పదో వంతుల్లో ఉంటుంది. గేమ్ ఆడుతుండగా 38 నుంచి 42 దాకా ఉంటే కంగారు లేదు. 45 దాటితే ఛార్జింగ్ నెమ్మదించాలి, లేదా ఆగాలి. లిథియం బ్యాటరీని ఆ వేడిలో నిండుగా ఛార్జ్ చేస్తే లోపల ద్రవం విడిపోయి వాయువు పుడుతుంది. వెనక మూత లేస్తుంది, తెర అంచున సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. సెల్ షాపులో ‘బ్యాటరీ ఉబ్బిపోనాది బావూ’ అనేది దీన్నే. 48 దగ్గర అరచేతి సంగతి మొదలవుతుంది. నిమిషానికి మించి పట్టుకునే వస్తువు పైభాగానికి అంతర్జాతీయ భద్రతా ప్రమాణం పెట్టిన హద్దు అది. ఇక బ్యాటరీ 68కి చేరితే ఆపేయమని ఆండ్రాయిడ్ మూల కోడ్‌లోనే రాసి ఉంది. తయారీదారులు దాన్ని ఇంకా కిందికి దించుకోవచ్చు. అంటే హెచ్చరిక వచ్చిందంటే ఫోన్ కాలిపోతోందని కాదు. కాలే చోటికి చాలా దూరంలో ఉండగానే అది కేకేసిందని. రీల్ నొక్కింది ఆ కేకనే.

వేడెక్కిన ఫోన్‌ని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళకి ఒక్క ముక్క చాలు: ఈ తీరంలో మే నెల గాలిలో ఉన్న తేమకి ఫ్రిజ్‌లోంచి తీసిన మంచినీళ్ళ సీసా ఎలా చెమ్మగిల్లుతుందో ఫోన్ లోపలి బోర్డు కూడా అలాగే చెమ్మగిల్లుతుంది. మంచుముక్కల బొమ్మ చూపించి ‘చల్లబరిచాం’ అనే యాప్‌లకి ఆ ముక్క కూడా దండగ.

కంపెనీయే కావాలని వేగం తగ్గిస్తోందన్న కుర్రాళ్ళ అనుమానం ఊరికే పుట్టింది కాదు. 2022 మార్చిలో శాంసంగ్ గుట్టు బయటపడింది. గేములు ఆడేటప్పుడు ఫోన్ వేగాన్ని తనంతట తానే తగ్గించే ఏర్పాటు పెట్టి, వేగం కొలిచే పరీక్ష యాప్‌లను మాత్రం ముట్టుకోలేదు. గీక్‌బెంచ్ వాళ్ళు ఎస్10 నుంచి ఎస్22 దాకా నాలుగు తరాల ఫోన్లను తమ పట్టికలోంచి తీసేశారు. ఆ తర్వాత కంపెనీ అప్‌డేట్ ఇచ్చి, ఎంపిక వాడేవాడికి వదిలింది. 2023లో ఐఫోన్ 15 ప్రో కాలుతోందని గోలైతే యాపిల్ ఐఓఎస్ 17లో లోపముందని, కొన్ని యాప్‌లు చిప్‌ని అతిగా వాడుతున్నాయని ఒప్పుకుని అక్టోబరులో సవరణ పంపింది. కంపెనీ దాచిపెట్టి వేగం తగ్గిస్తే జనం నమ్మకం పోతుంది. ఆ ఖాళీలోకే ఇలాంటి రీల్ దూరుతుంది.

కంపెనీల్ని అసలు తిట్టాల్సింది అందుకు కాదు, ఇందుకు. ఐఫోన్‌ని వాడాల్సిన చోటు 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని యాపిల్ రాస్తుంది. నింటెండో స్విచ్‌కి, పీఎస్5కి 5 నుంచి 35. ఈ 35 ఎవరింటి 35? మే నెలలో తుమ్మపాల రేకుల ఇంట్లో మధ్యాహ్నం 35 ఉంటే పండగే. లక్ష రూపాయల వస్తువు అమ్మేటప్పుడు హోర్డింగు మీద కెమెరా మెగాపిక్సెళ్ళు ఆరడుగుల అక్షరాల్లో ఉంటాయి. ఈ 35 మాత్రం భూతద్దంతో వెతకాలి. ఇక్కడ ఏటా రెండు మూడు నెలలు ఈ హద్దు దాటి ఉంటుందని అమ్మేవాడికి తెలియదా? బాగా తెలుసు. తెలిసే, మాట్లాడకుండా అమ్ముతున్నాడు.

ఆ మౌనం ఎవరి మీద పడుతుందో చూడాలంటే అనకాపల్లి టౌన్‌లో ఒంటిగంటకి నిలబడితే చాలు. డెలివరీ కుర్రాడి బండి హ్యాండిల్ మీద నల్లటి ఫోన్, తెర నిండా మ్యాపు, కింద పవర్ బ్యాంక్ తీగ. ఫోన్ ముఖం దాదాపు పదహారు సెంటీమీటర్ల పొడవు, ఏడున్నర వెడల్పు. నడినెత్తి ఎండ చదరపు మీటరుకి సుమారు వెయ్యి వాట్లు. గుణిస్తే ఆ చిన్న అద్దం మీద పడేది పన్నెండు వాట్లు, అందులో పదికి పైగా అదే మింగుతుంది. ఫ్యాను లేని ఫోన్ చేతికి కాలకుండా బయటికి వదలగలిగేది నాలుగైదు వాట్లు. చిప్ ఏ పనీ చేయకపోయినా ఎండ ఒక్కటే దానికి రెట్టింపు పోస్తోంది! తెర మసకబారుతుంది, ఛార్జింగ్ ఆగుతుంది, సిగ్నల్ బలహీనపడుతుంది, చివరికి ఐఫోన్ అయితే చల్లబడేదాకా వాడొద్దని నల్ల తెర వేస్తుంది. అప్పటికి ఆర్డరు ఆలస్యమై ఉంటుంది. ‘నీడలో వాడండి’ అని సలహా ఇచ్చే కంపెనీ పెద్దలు ఆ కుర్రాడికి నీడ ఎక్కడ దొరుకుతుందో కూడా చెబితే బాగుండేది.

ఆ ఫోన్‌కి చేయగలిగిందల్లా తీగ పీకడం, మందపాటి కవరు తీయడం, తెర వెలుగు తగ్గించడం, మ్యాపు మాటల్లో వింటూ ఫోన్‌ని ఎండ తగలని సంచిలో పెట్టడం. ఆగాక ఫ్యాను కింద పదినిమిషాలు.

రీల్ చూసి తాళం వేసుకున్న పిల్లలకు మాత్రం ముందు కొట్టాల్సింది ఇంకోటుంది. ఆ రీల్‌లో ఇది లేదు.

```
adb shell cmd thermalservice reset
```