మొదటి ప్రశ్న

గుంటూరులో ఒక నేతచీరల కొట్టు. యజమాని ఇన్‌స్టాగ్రామ్ పేజీని ఏజెన్సీకి అప్పగించాడు. కొట్టు కస్టమరు ఎలా ఉంటుందో ఏజెన్సీవాళ్ళు ఊహించి, ఆమెకి స్వాతి అని పేరు పెట్టారు. 27 ఏళ్ళు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆమె కోసం రాత్రి తొమ్మిదింటికి పాటలతో రీల్సు పెట్టారు. లైకులు వచ్చాయి. ఆర్డర్లు రాలేదు.

అప్పటిదాకా యజమానే చూసుకుంటున్న వాట్సాప్‌ని కొత్తగా చేరిన అమ్మాయి చేతికిచ్చాడు. ఆ అమ్మాయి ఒక నోటుబుక్కు తెచ్చుకుని పాత మెసేజీలన్నీ చదివింది. ధర అడిగి మాయమైనవాళ్ళని పక్కన పెట్టింది. కొన్నవాళ్ళవీ, కొనబోయి ఆగిపోయినవాళ్ళవీ 40 సంభాషణలు మిగిలాయి. ఒక్కోదానికీ మూడు గళ్ళు గీసింది: ఎవరి కోసం కొంటున్నారు, ఎన్నింటికి మెసేజి పెట్టారు, మొదట ఏమడిగారు. మూడో గడిలో వాళ్ళ మాటల్నే, ఒక్క అక్షరం మార్చకుండా రాసింది.

స్వాతి ఎక్కడా కనిపించలేదు. కనిపించింది యాభై దాటిన గృహిణి. కూతురికో కోడలికో కొంటుంది. వంటిల్లు సర్దుకుని, మధ్యాహ్నం రెండు, మూడు మధ్య ఫోను పట్టుకుంటుంది. పేజీని ఫాలో అయ్యేవాళ్ళు రాత్రిపూట ఎక్కువగా చూస్తున్న మాట నిజమే. కానీ వాళ్ళు కొనేవాళ్ళు కారు.

అయినా అమ్మాయికి అనుమానం తీరలేదు. కొన్నవాళ్ళలో ఆరుగురికి ఫోను చేసింది. పోస్టులు ఎప్పుడు పెట్టమంటారని అడగలేదు. అలా అడిగితే మర్యాదకి ఎప్పుడైనా పరవాలేదంటారు. మొన్న చీర చూసినప్పుడు ఏం చేస్తున్నారని అడిగింది. నలుగురు భోంచేసి నడుం వాల్చామన్నారు.

మూడో గడి దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది. 40 మందిలో 26 మంది మొదట అడిగింది ఒకటే: "రంగు పోతుందా?" దానికి కొట్టు నుంచి వెళ్ళిన జవాబూ ఒకటే: కొత్త స్టాకు ఫోటోలు. చాలామంది మాట అక్కడితో ఆగింది.

అమ్మాయి స్వాతి బదులు ఒక కాగితం మీద శారద గారిని తయారుచేసింది. పోస్టులన్నీ 'అండీ' అంటూ రాయాలి. రెండు దాటాక పెట్టాలి. పాటలు వద్దు. మొదటి వీడియోలో చీరని బకెట్ నీళ్ళలో ముంచి, ఉతికి, ఆ నీళ్ళు చూపించాలి.

యజమాని కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"చాలా బాగుందమ్మా. 'అండీ' బాగుంది. టైమూ బాగుంది. రేపట్నించే మొదలుపెట్టు. ఆ బకెట్ వీడియో ఒక్కటీ తీసెయ్."

"అందరూ అడిగేది అదేనండీ!"

"తెలుసు. పోతుంది కదా మరి?"