నలభై సెకన్ల పాటకు నాలుగు పుటల అర్జీ

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. డాక్యుమెంటరీలో సినిమా పాట పెట్టి చూడలేదు గనుక అంతటితో ఆగారు.

మా బావమరిది మా ఊరి పాత సినిమా హాలు మీద డాక్యుమెంటరీ తీశాడు. అందులో నలభై సెకన్లు 'మాయాబజార్' పాట. అర్జీ రాసే యోగం నాది. "ముప్పై సెకన్లలోపు ఫ్రీ బావా, పది కోసేద్దాం" అన్నాడు. కళ్లద్దాలు తుడుచుకుని కాపీరైటు చట్టమంతా గాలించాను. ముప్పై సెకన్ల ఊసే లేదు. విమర్శకో సమీక్షకో న్యాయంగా వాడుకోమంది గానీ, హాలు గోడల మీద దుమ్ము చూపిస్తూ వినిపించమనలేదు.

పాట ఒక్కటే అని మీరూ నేనూ అనుకుంటాం. చట్టానికి మూడు: రికార్డు, సాహిత్యం, బాణీ. రికార్డు హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1957 రికార్డుకు 2017తో చెల్లు. బావమరిది గంతేశాడు. సాహిత్యానికీ బాణీకీ మాత్రం కర్త పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. పింగళి 1971లో పోయారు, కనుక మాటలకు 2031 చివరిదాకా హక్కుంది. బాణీ ఘంటసాలదైతే 2034. అయితే ఆ సినిమాలో కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావువంటారు, అలాగైతే 2059. గంతేసినవాడు ఇంకా కిందికి దిగలేదు.

ఇక హక్కులున్న కంపెనీకి అర్జీ. ఏ పాట, ఎవరు రాశారు, ఎవరు కట్టారు, ఎవరు పాడారు. సినిమాలో ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా. తెర మీద మోగుతోందా, వెనక నుంచి వినిపిస్తోందా. ఏయే దేశాల్లో, ఎన్నేళ్లు, ఏయే వేదికల మీద చూపిస్తారు? ఫిలిం ఫెస్టివల్ ధర వేరు, ఓటీటీ ధర వేరు గనుక రెండూ విడివిడిగా చెప్పమని వేడుకున్నాను. హక్కు మీకు ఎలా వచ్చిందో కాగితం చూపించమనీ రాశాను. మా పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు లేవు.

అసలు పిడుగు టీ కొట్టు సీనులో పడింది. వెనక గోడ మీద సినిమా పోస్టరు యాదృచ్ఛికంగా పడితే చట్టం క్షమిస్తుంది, అది చిత్రకళ. పక్కనే రేడియోలో మోగిన పాటకు ఆ కరుణ లేదు. ముసలాయన కంటతడి పెట్టిన షాట్ అదే. మాటా పాటా ఒకే మైకులో కలిసిపోయాయి, విడదీయలేం. అర్జీలో ఇంకో వరుస చేర్చాను.

మూడు వారాలకు కంపెనీ జవాబు వచ్చింది: "పాట ఎన్ని సెకన్లు?" మొదటి పుట మొదటి వరుసలోనే ఉంది.

కాబట్టి తోటి బాధితులారా, ఎడిటింగ్ ముగిశాక కాదు, మొదలుపెట్టకముందే అడగండి. షూటింగుకు వెళ్తే ముందు టీ కొట్టు రేడియో ఆపించండి.