మెట్లు పాడుచేసే సలహాలు

“స్లాబు నుంచి స్లాబుకి కొలిచి రెవిట్‌లో మెట్లు పెట్టెయ్. గ్రానైటు సంగతి మేస్త్రీ చూసుకుంటాడు.” నెల్లూరులో మోడలింగ్ పనికి చేరిన కొత్తలో నాకు అందిన మొదటి సలహా ఇది. నేను పాటించాను. మైపాడు వైపు, సముద్రానికి దగ్గర్లో కట్టిన ఓ ఇంటి బయటి మెట్లు ఆ సలహా ప్రకారమే లేచాయి. గృహప్రవేశం రోజు ఆ ఇంటి పెద్దావిడ మొదటి మెట్టు దగ్గర తడబడి గోడ పట్టుకుంది. “ఏం అబ్బయా, మొదటి మెట్టు ఒక్కటే ఇంత ఎత్తు పెట్టినావే” అంది. టేపు పెట్టి కొలిస్తే 204 మిల్లీమీటర్లు వచ్చింది. మిగతావి 164. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ ఇళ్లకు అనుమతించే గరిష్ఠ ఎత్తు 190.

తీరం ఊళ్లలో బయటి మెట్లంటే బట్టలు ఆరేసుకోవడానికి డాబా ఎక్కే దారి మాత్రమే కాదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను గుర్తున్నవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు. నీళ్లొస్తే పైకెక్కేది ఆ మెట్ల మీదుగానే. కరెంటు పోయిన రాత్రి, వానలో, చంకలో బిడ్డతో ఎక్కేవాళ్లు మెట్టును చూడరు, కాలికి అలవాటైన ఎత్తునే నమ్ముకుంటారు. అన్ని మెట్లూ కాస్త ఎత్తుగా ఉన్నా కాలు సర్దుకుంటుంది. ఒక్కటి తేడాగా ఉంటే పడిపోతారు.

ఆ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. వాకిట్లో గచ్చు అప్పటికే పూర్తయింది. గచ్చు నుంచి మొదటి అంతస్తు స్లాబు పైభాగానికి 3450. నేను Base Level గచ్చుకీ, Top Level స్లాబుకీ ఇచ్చి, Desired Number of Risers దగ్గర 21 కొట్టాను. Actual Riser Height 164.3 అని చూపించింది. హెచ్చరిక ఏదీ రాలేదు. రాదు కూడా, ఎందుకంటే మోడల్ వరకూ ఆ లెక్క సరైనదే. సైటులో మాత్రం ప్రతి మెట్టు మీదా సిమెంటుతో కలిపి 40 మిల్లీమీటర్ల గ్రానైటు పడింది. కింద గచ్చు పెరగలేదు కాబట్టి మొదటి మెట్టు 164 కాస్తా 204 అయింది. పైన గదుల టైల్స్‌కు 50 పోయింది, దాంతో ఆఖరి మెట్టు 174కి చేరింది. మధ్యవి మాత్రమే మోడల్లో ఉన్నట్టు మిగిలాయి.

చేయాల్సింది ఇది. టైల్స్ పరిచాక వచ్చే మట్టానికి ఒక లెవెల్, స్లాబుకు మరో లెవెల్ వేరువేరుగా పెట్టాలి. మెట్లను ఎప్పుడూ పూర్తయిన మట్టాల మధ్యే కట్టాలి. అప్పుడు మొత్తం ఎత్తు 3500, దాన్ని 21తో భాగిస్తే మెట్టుకు 167. సెంట్రింగ్ వాళ్లకిచ్చే సెక్షన్లో ఇదే లెక్కను కాంక్రీటుకు మార్చి రాయాలి: మొదటిది 127, ఆఖరిది 157, మధ్యవన్నీ 167. కాంక్రీటు డ్రాయింగులో మెట్లన్నీ సమానంగా కనిపిస్తే నేను ఇప్పుడు వెంటనే ఆగిపోతాను. గచ్చు ముందే పూర్తయిన చోట, మొదటి మెట్టు కాంక్రీటులో పొట్టిగా లేదంటే గ్రానైటు పడ్డాక ఎత్తవుతుంది.

రెండో సలహా బేసి లెక్కది. “లాభం, నష్టం” అనుకుంటూ ఎక్కితే పైగడపకు లాభం రావాలని ఇంటివాళ్లు అడుగుతారు. అడగనివ్వండి, అందులో చిక్కేమీ లేదు. అయితే “20 వస్తే కింద నాలుగంగుళాల మెట్టు ఇంకోటి కలుపు” అనేవాళ్ల మాట మాత్రం వినకండి. Desired Number of Risers మార్చితే ఎత్తు మొత్తం సమానంగా మళ్లీ పంచుకుంటుంది. 3500కి 19 పెడితే 184, కోడ్ ఒప్పుకుంటుంది గానీ ముసలివాళ్ల మోకాళ్లు ఒప్పుకోవు. 21 నయం. లెక్కపెట్టేది కాలు ఆనే చోట్లని: ల్యాండింగూ, పై అంతస్తు నేలా అందులో చేరతాయి. ఆ ఇంటికి 11, 10గా విడిపోయాయి, ల్యాండింగు మీద కూడా లాభమే పడింది. ఇక్కడ కొత్తవాళ్లు జారే చోటొకటుంది. 11 ఎత్తులకు పాదం పెట్టే పలకలు పదే, పదకొండోది ల్యాండింగు. 270 వెడల్పు పలకలైతే ఆ వరస పొడవు 2700, 2970 కాదు.

స్థలం చాలకపోతే ల్యాండింగులోనే మూడు మెట్లు తిప్పెయ్యమంటారు. తిప్పకండి. లోపలి మూలన పలక వెడల్పు సున్నాకి వస్తుంది. ల్యాండింగు లోతు కనీసం మెట్ల వెడల్పంత, ఇక్కడ 1000, ఉండాలి.

అసలు కష్టం తర్వాతి సలహాతో. “ల్యాండింగు కింద బాత్రూం పెట్టెయ్, హెడ్‌రూమ్ పైన ఎలాగూ ఉందిగా.” మన సైట్లలో హెడ్‌రూమ్ అంటే డాబా మీద మెట్లకు కప్పే గది. అందుకే తలకు కావాల్సిన ఖాళీ గురించి మాట్లాడుతుంటే ఎదుటివాళ్లు ఆ గది గురించి అనుకుంటారు. ల్యాండింగు కింద మనిషి నడవాలంటే కోడ్ అడిగేది 2200. ఆ ఇంటి ల్యాండింగు 11 మెట్ల మీద, అంటే 1833 ఎత్తులో ఉంది. గ్రానైటు 40, స్లాబు 175 తీసేస్తే మిగిలేది 1618. నేను కూడా వంగితేగానీ పట్టను.

అప్పుడు ఇంకో సలహా వస్తుంది: ల్యాండింగును పైకి జరపమని. 15 మెట్లకు జరిపితే ఎత్తు 2500, కింద ఖాళీ 2285. మోడల్లో అంతా బాగానే కనిపిస్తుంది. స్ట్రక్చరల్ ఫైలు లింక్ చేస్తే గానీ ల్యాండింగు అంచున ఒక దూలం ఉందని తెలియలేదు. స్లాబుతో కలిపి దాని లోతు 300. తలుపు సరిగ్గా ఆ దూలం కిందే. దాని కింద మిగిలింది 2160, అంటే 40 తక్కువ. 16కు జరిపితే ఖాళీ చాలుతుంది, కానీ కింది వరసే 4050 పొడవై ప్రహరీని దాటేస్తుంది. ఆగి ఊపిరి తీసుకునే చోటు లేకుండా ఒక్క బిగిన 16 ఎక్కాలి. బాత్రూంను వెనక్కి మార్చారు. ఆ ఖాళీలో ఇప్పుడు వలలు పెట్టుకుంటున్నారు.

ఆ 175 గురించి కూడా ఒక మాట. సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్న 150 మందాన్ని అలాగే వదిలేయమనేవాళ్లున్నారు. ఊళ్లో, ఇంటి లోపలి మెట్లకు ఇంజనీరు ఒప్పుకుంటే అది సరిపోవచ్చు. ఉప్పుగాలి నేరుగా తగిలే బయటి మెట్లకు ఐఎస్ 456 కడ్డీల మీద 45 మిల్లీమీటర్ల కవరూ, కనీసం ఎం30 కాంక్రీటూ అడుగుతుంది. కవరు పెరిగితే స్లాబు మందం పెరుగుతుంది, కింద ఖాళీ అంత తగ్గుతుంది. ఇంజనీరు ఇచ్చిన మందాన్ని మెట్ల వరస టైపులోని Structural Depth దగ్గరా, ల్యాండింగు మందం దగ్గరా రెండు చోట్లా రాయాలి. ఒకచోట రాసి రెండోది మరిచిపోతే సెక్షన్లో రెండూ కలిసే చోట అడుగున చిన్న ఎగుడుదిగుడు కనిపిస్తుంది, అక్కడ చూడండి.

ఇప్పుడు నేను సెంట్రింగ్ మొదలవకముందే సైటుకు వెళ్తాను. ట్యూబ్ లెవెల్‌తో పై గది టైల్స్ మట్టం గోడ మీదికి తెచ్చి, అక్కణ్ణుంచి కిందికి సుద్దతో 21 గీతలు గీయిస్తాను. ఆఖరి గీతకూ గచ్చుకూ మధ్య ఏమీ మిగలకూడదు. అది చూసుకున్నాక, ప్రతి మెట్టు గీతకూ 40 కింద కాంక్రీటుకు ఎర్ర గీత పెట్టిస్తాను. మేస్త్రీ సెంట్రింగ్ పలకలు కొట్టేది ఆ ఎర్ర గీతలకే.