‘సిన్స్ ఉంటే హ్యావ్ పెట్టు’ అనే చిట్కా

2019లో మలికిపురం వైపు నుంచి ఒకావిడ ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. కువైట్‌లో ఒకరింట్లో ఆరేళ్లుగా పని చేస్తోంది, సెలవు మీద ఊరొచ్చింది. ఇంకో ఇంటివాళ్లు కాస్త ఎక్కువ జీతం ఇస్తారని తెలిసి, తన గురించి నాలుగు ముక్కలు ఇంగ్లీషులో రాసి పంపింది. ‘2013 నుంచి పని లేకుండా ఎందుకున్నారు?’ అని అటునుంచి అడిగారు. ఆ ఆరేళ్లలో ఆవిడ ఒక్క నెల కూడా ఖాళీగా లేదు. “తప్పెక్కడుందో చూడండి మాస్టారూ, బళ్లో చెప్పినట్టే రాశాను” అంది.

ఆవిడ రాసిన వాక్యం ఇది: ‘ఇట్ ఈజ్ సిక్స్ ఇయర్స్ సిన్స్ ఐ వర్క్‌డ్ ఇన్ కువైట్.’ వ్యాకరణం చూస్తే ఎక్కడా తప్పు లేదు. ఎర్ర సిరా పెట్టడానికి చోటే లేదు. కానీ దాని అర్థం ‘నేను కువైట్‌లో పని మానేసి ఆరేళ్లయింది’ అని. ఆరేళ్ల కష్టం ఒక్క వాక్యంతో ఆరేళ్ల ఖాళీ అయిపోయింది.

ఆ రోజు నాకు చాలా బాధనిపించింది. ఆవిడకు చదువు చెప్పింది నేను కాదు. అయినా ఆవిడ నేర్చుకున్న చిట్కాలే నేనూ పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పాను. పరీక్షలో ఖాళీ పూరించడానికి అవి పనికొస్తాయి, ఉత్తరం రాసేటప్పుడు ముంచుతాయి. కోనసీమలో ఏ ట్యూషన్‌లోనైనా వినబడే ఆ చిట్కాలేవో, ఒక్కొక్కటీ ఎక్కడ తెగుతుందో ఇక్కడ చెబుతాను.

మొదటిది ‘సిన్స్ అంటే నుంచి’. మన ‘నుంచి’ రెండు పనులు చేస్తుంది. ‘2013 నుంచి’ అంటాం, ‘ఆరేళ్ల నుంచి’ అని కూడా అంటాం. ఇంగ్లీషులో మొదటిదానికే సిన్స్, రెండోదానికి ఫర్. ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్, ఎంతకాలమో చెబితే ఫర్. ‘సిన్స్ సిక్స్ ఇయర్స్’ అనే మాట ఈ చిట్కాలోంచే పుట్టింది. దీన్ని చాలామంది మాస్టార్లు దిద్దుతూనే ఉన్నారు కాబట్టి ఇంతకంటే చెప్పను.

అసలు చేటు రెండోదాంతో: ‘వాక్యంలో సిన్స్ కనబడితే హ్యావ్, వి3 పెట్టెయ్.’ వినడానికి ఎంత సులువో! పిల్లవాడు అర్థం చూడడు, సిన్స్ కోసం వెతుకుతాడు. వాక్యంలో రెండు క్రియలుంటే రెండింటికీ హ్యావ్ తగిలిస్తాడు.

2016 నవంబరులో, తుఫానొచ్చి ఇరవై ఏళ్లయిన సందర్భంగా, పదో తరగతి పిల్లలను దాని మీద పది వాక్యాలు రాయమన్నాను. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను అది. ఐ.పోలవరం, కాట్రేనికోన వైపు వాళ్లకు తుఫాను అంటే ఇప్పటికీ అదొక్కటే. పిల్లలు అప్పటికి పుట్టలేదు, ఇళ్లలో విన్నది రాశారు. ఒక అబ్బాయి మొదటి వాక్యం: ‘ఇట్ ఈజ్ ట్వెంటీ ఇయర్స్ సిన్స్ ది సైక్లోన్ హ్యాజ్ కమ్.’ రెండోది: ‘మై గ్రాండ్‌ఫాదర్ హ్యాజ్ నాట్ ప్లాంటెడ్ కోకోనట్ సిన్స్ అవర్ ట్రీస్ హ్యావ్ ఫాలెన్.’

రెండూ తప్పే, రెంటిలోనూ ఒకే తప్పు. తుఫాను ఒక రాత్రి వచ్చింది. చెట్లు ఆ రాత్రే పడిపోయాయి. రెండూ జరిగి అయిపోయిన పనులు. సిన్స్ తర్వాత అలాంటి పని వస్తే దానికి సింపుల్ పాస్టే, అంటే వి2: ‘సిన్స్ ది సైక్లోన్ కేమ్’, ‘సిన్స్ అవర్ ట్రీస్ ఫెల్’. హ్యావ్ ఉండాల్సింది రెండో వాక్యం మొదటి భాగంలో, తాతగారి దగ్గర. ఆయన అప్పుడు నాటలేదు, ఆ తర్వాతా నాటలేదు, ఇవాళ్టికీ నాటలేదు. ఆ రాత్రి నుంచి ఈ రోజు దాకా సాగిన మాట అది, కాబట్టి ‘హ్యాజ్ నాట్ ప్లాంటెడ్’.

సఖినేటిపల్లి రేవులో పంటును కట్టేయడం చూపించి ఆ అబ్బాయికి ఇది చెప్పాను. గట్టు మీద గుంజ ఉంటుంది, అది కదలదు. దానికి కట్టిన తాడు పంటు దాకా వస్తుంది. తుఫాను రాత్రి గుంజ లాంటిది, దానికి వి2. తాతగారు చెట్టు నాటకపోవడం తాడు లాంటిది, దానికి హ్యావ్. గుంజను కూడా తాడు అనుకుంటే పంటు దేనికి కట్టినట్టు? ఆ తర్వాత ఆ అబ్బాయి ఈ తప్పు చేయలేదు.

తాడు నిజంగా ఇవాళ్టి దాకా వచ్చిందా అన్నది కూడా చూసుకోవాలి. ఇంకో అమ్మాయి పాశర్లపూడి గ్యాస్ బావి మంట గురించి రాసింది: ‘ది వెల్ హ్యాజ్ బీన్ బర్నింగ్ సిన్స్ 8 జనవరి 1995.’ తేదీ సరిగ్గానే ఉంది. చిట్కా ప్రకారం వాక్యమూ సరిగ్గానే ఉంది. కానీ ఆ వాక్యం చదివితే బావి ఇప్పటికీ మండుతోందని అర్థం. ఆ మంట 65 రోజులు మండి ఆరిపోయింది. ఆరిపోయినదానికి సిన్స్ కుదరదు: ‘ఇట్ బర్న్‌డ్ ఫర్ సిక్స్టీఫైవ్ డేస్.’ వాక్యంలో హ్యావ్, సిన్స్ రెండూ ఉంటే, ‘ఇది ఇవాళ కూడా నిజమేనా?’ అని పిల్లల చేత అడిగించండి. ఈ ఒక్క ప్రశ్నతో సగం తప్పులు వాళ్లకే కనబడతాయి.

సిన్స్‌కు ‘కాబట్టి’ అనే అర్థం కూడా ఉందని ఈ చిట్కా చెప్పేవాళ్లు మరిచిపోతారు. ‘సిన్స్ ది పంట్ వాజ్ లేట్, వి మిస్డ్ ది బస్’ అన్నదాంట్లో హ్యావ్‌కు పనే లేదు.

మూడోది పెద్ద చదువులు చదివినవాళ్ల నోట వినబడుతుంది: ‘ఇట్ ఈజ్ టెన్ ఇయర్స్ సిన్స్ అనకూడదు, ఇట్ హ్యాజ్ బీన్ అనే అనాలి.’ ఇది నిజం కాదు. ఇంగ్లండు ఇంగ్లీషులో రెండూ ఉన్నాయి. అమెరికావాళ్లు ఎక్కువగా ‘హ్యాజ్ బీన్’ అంటారు. అక్కడికెళ్లిన మన పిల్లలు ఒకటే విని, రెండోది తప్పని ఇంట్లో నాన్నను సరిదిద్దుతుంటారు. ఏది వాడినా సిన్స్ తర్వాతి పని మాత్రం వి2లోనే ఉంటుంది: ‘ఇట్ ఈజ్’ అన్నా, ‘ఇట్ హ్యాజ్ బీన్’ అన్నా, ‘సిన్స్ ది సైక్లోన్ కేమ్.’ కథ చెబుతూ ఆ 2016 నవంబరుకే వెళ్లి నిలబడితే రెండూ ఒక మెట్టు వెనక్కి జరుగుతాయి: ‘ఇట్ వాజ్ ట్వెంటీ ఇయర్స్ సిన్స్ ది సైక్లోన్ హ్యాడ్ కమ్.’

ఇంగ్లీషువాళ్ల ‘ఇట్ ఈజ్’ మన తెలుగుకు ఎంత దగ్గరో చూడండి. ‘తుఫానొచ్చి ఇరవై ఏళ్లయింది.’ ‘నాన్న పోయి పదేళ్లయింది.’ వచ్చి, పోయి, వెళ్లి, చేరి: ఇలా ముగిసే క్రియ వచ్చి, వెనకే ‘ఇన్నేళ్లయింది’ అన్నామంటే ఆ పని జరిగిపోయింది, ఆ తర్వాతి కాలాన్ని లెక్కపెడుతున్నాం. ‘ఇట్ ఈజ్ టెన్ ఇయర్స్ సిన్స్ ఫాదర్ డైడ్’ కూడా సరిగ్గా అదే. పోయి అంటే ‘డైడ్’, పదేళ్లయింది అంటే ‘ఇట్ ఈజ్ టెన్ ఇయర్స్’. పిల్లవాడి నోట్లో అప్పటికే ఉన్న ఈ వాక్యాన్ని పక్కనపెట్టి ‘నుంచి’ని పట్టుకున్నాం, అక్కడే దారి తప్పాం.

ఒక్క చోట మాత్రం తెలుగు మోసం చేస్తుంది. ‘నిన్ను చూసి ఐదేళ్లయింది’ అన్నా, ‘నిన్ను చూడక ఐదేళ్లయింది’ అన్నా మనకు ఒకటే. ఇంగ్లీషు ‘చూసి’ని ఒప్పుకుంటుంది, ‘చూడక’ను ఒప్పుకోదు. ‘ఇట్ ఈజ్ ఫైవ్ ఇయర్స్ సిన్స్ ఐ సా యూ’ అనాలి. లేదంటే ‘ఐ హ్యావ్ నాట్ సీన్ యూ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అనాలి. రెండూ కలిపి ‘సిన్స్ ఐ హ్యావ్ నాట్ సీన్ యూ’ అని మస్కట్‌లో ఉన్న అమ్మకు పిల్లలు పంపే మెసేజ్‌లు నేను చూశాను.

ఇక నాలుగోది. రెండో చిట్కాతో విసిగిపోయిన మాస్టార్లు దానికి విరుగుడుగా చెప్పేది: ‘సిన్స్ తర్వాత ఎప్పుడూ వి2నే, కళ్లు మూసుకుని పెట్టెయ్.’ చాలాసార్లు నడుస్తుంది. మలికిపురం ఆవిడను ముంచింది ఇదే.

చేరడం, రావడం, పోవడం, పడటం ఒక్కసారి జరిగే పనులు. అక్కడ వి2 గుంజలా నిలుస్తుంది. కానీ ఉండటం, పని చేయడం, తెలిసి ఉండటం కాలం పొడవునా సాగేవి. వాటికి వి2 పెడితే, అవి ముగిసిన చోటి నుంచి లెక్క మొదలవుతుంది. ‘సిన్స్ ఐ లివ్డ్ ఇన్ అమలాపురం’ అంటే అమలాపురంలో ఉండటం మానేసినప్పటి నుంచి. ఇంకా అక్కడే ఉంటే ‘సిన్స్ ఐ హ్యావ్ లివ్డ్ ఇన్ అమలాపురం’ అనాలి. ఇక్కడ గుంజ లేదు, రెండు తాళ్లు పక్కపక్కనే ఇవాళ్టి దాకా వస్తున్నాయి. ‘సిన్స్ ఐ హ్యావ్ నోన్ హిమ్’ అన్నదీ అంతే. ఆయన నాకు ఇవాళ కూడా తెలుసు.

ఈ తేడాను కూడా తెలుగు ముందే చెప్పేసింది. ‘కువైట్‌లో పని చేసి ఆరేళ్లయింది’ అంటే ఇప్పుడు చేయడం లేదు. ‘కువైట్‌లో పని చేయబట్టి ఆరేళ్లయింది’ అంటే ఇంకా చేస్తూనే ఉన్నారు. ఆ ‘బట్టి’కి ‘నువ్వుండబట్టి బతికాను’ అన్నప్పటి కారణం అర్థం కూడా ఉంది, సిన్స్‌కు ఉన్నట్టే. ఇది గమనించిన రోజు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

ఆవిడను అదే అడిగాను. “చేసి ఆరేళ్లయిందా అమ్మా, చేయబట్టి ఆరేళ్లయిందా?”

“చేయబట్టే మాస్టారూ. ఇంకా అక్కడే కదా.”

‘బట్టి’ అయితే ‘ఇట్ ఈజ్’ తీసేయాలన్నాను. రెండు దారులు చూపించాను. ఒకటి, పనిని తాడు చేసి మొదలైన ఏడాదికి కట్టడం: ‘ఐ హ్యావ్ వర్క్‌డ్ ఇన్ కువైట్ సిన్స్ 2013.’ రెండు, పని చేయడం బదులు చేరడం చెప్పడం, ఎందుకంటే చేరి ఆరేళ్లయింది అంటే చేరడమే అయిపోయింది, పని కాదు: ‘ఇట్ ఈజ్ సిక్స్ ఇయర్స్ సిన్స్ ఐ జాయిన్డ్ దిస్ హౌస్.’ ఆవిడ మొదటిదే తీసుకుంది. ఏడాది అంకె కనబడితే ఎవరూ తప్పుగా చదవరంది. ఆ మాట నిజమే.

ఫోన్లో దాన్ని టైపు చేసుకుని, ఊరెప్పుడొచ్చిందో కూడా రాయాలని కాసేపు ఆగింది. “వచ్చి రెణ్నెల్లయింది. రావడం ఒక్కసారే కదా, ఇక్కడ ‘ఇట్ ఈజ్’ పెట్టొచ్చు” అని తనలో తనే అనుకుంటూ, నన్ను అడక్కుండానే రాసింది: ‘ఇట్ ఈజ్ టూ మంత్స్ సిన్స్ ఐ కేమ్ హోమ్.’