వెయ్యి రూపాయల లోపు నీతి

దీపావళికి రెండు రోజుల ముందు మోకాలి నొప్పితో ఒక డాక్టరుగారి ఓపీలో కూర్చున్నాను. నా టోకెన్ పంతొమ్మిది. పద్దెనిమిదో నంబరాయన ఇలా బయటికొచ్చాడో లేదో, మెడలో టై, చేతిలో నల్ల బ్యాగుతో ఒక మెడికల్ రెప్ అలా లోపలికి దూరిపోయాడు. తలుపు పూర్తిగా పడలేదు కాబట్టి మిగతాది నా చెవిన పడింది.

"ఏంటయ్యా ఇది?"

"జీడిపప్పు సార్. పండక్కి."

"ఎంత పడింది?"

"తొమ్మిది వందల యాభై సార్. బిల్లు లోపలే ఉంది."

"సరే, అక్కడ పెట్టు."

ఎవరైనా ఏదైనా తెచ్చిస్తే ధర అడగడం మన వైపు మర్యాద కాదు. కానీ ఈయన అడిగింది మర్యాద తెలియక కాదు, నియమావళి తెలిసి. వైద్యుల వృత్తి ప్రవర్తనకు భారత వైద్య మండలి 2002లో నియమాలు రాసింది. మందుల కంపెనీల నుంచి కానుకలు పుచ్చుకోరాదని 2009లో చేర్చింది. పుచ్చుకుంటే ఏం చేస్తారో రాయడానికి ఇంకో ఏడేళ్లు పట్టింది. 2016లో శిక్షల పట్టిక వచ్చింది. కానుక విలువ వెయ్యి దాటి ఐదు వేల లోపయితే మందలింపు. పది వేల దాకా అయితే రిజిస్టరులోంచి మూడు నెలలు పేరు తీసేస్తారు. యాభై వేల దాకా ఆరు నెలలు, లక్ష దాకా ఏడాది, లక్ష దాటితే ఏడాదికి పైన.

ఆర్టీసీ బస్సులో స్టేజీల వారీ ఛార్జీల పట్టిక చూసినట్టే ఉంటుంది. ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగాలో మీ ఇష్టం. కానుకే వద్దని నియమం చెబుతుంది, పట్టిక మాత్రం వెయ్యి దాటాకే మొదలవుతుంది. కాబట్టి వెయ్యి లోపు జీడిపప్పు ధర్మబద్ధమని మా డాక్టరుగారు తేల్చుకున్నారు. ఆ పండక్కి అలాంటి డబ్బాలు ఇంకెన్ని వచ్చాయో, వాటిని కలిపి లెక్కేయాలా విడివిడిగానా అని ఆలోచిస్తుండగానే నా టోకెన్ పిలిచారు.

లోపల గోడ మీద ఫీజు బోర్డు ఉంది. నియమం ప్రకారం ఉండాలి. మందుల చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరుంది. అదీ ఉండాలి. వీధిలో బోర్డు మరీ పెద్దది కాదు. అసాధారణంగా పెద్ద బోర్డు పెట్టడం కూడా నియమావళిలో తప్పే, మందుల షాపు మీద తన బోర్డు తగిలించడమూ తప్పే. బోర్డుల విషయంలో మన వైద్య నీతిశాస్త్రం చాలా నిశితమైనది. బోర్డును టేపు పెట్టి కొలవొచ్చు కదా! ఆ బోర్డు కింద కూర్చున్నాయన నా మోకాలు ముట్టుకున్నారా లేదా అన్నదానికి ఇంకా టేపు రాలేదు.

ముట్టుకోలేదు. ఎమ్మారై రాశారు. ఫలానా సెంటరులోనే తీయించుకోవాలన్నారు. "అక్కడ మెషిన్ కొత్తది" అన్నారు. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, అడగడం, పుచ్చుకోవడం మూడూ నిషేధమని ఆ నియమావళిలోనే ఉంది. అయితే మెషిన్ కొత్తది అనడం నిషేధం కాదు. ఆయన మనసులో ఉన్నది మెషినా, కమీషనా అన్నది ఏ మండలి తేల్చగలదు? నేనూ తేల్చలేను. అందుకే ఊరూ పేరూ రాయడం లేదు.

కమీషన్ మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. ఈ నియమాల్లో ఆర్‌ఎంపీ అంటే రిజిస్టరైన వైద్యుడు. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అంటే ఏ రిజిస్టరూ మొహం చూడనివాడు. ఊళ్లో రోగిని కారెక్కించి పట్నంలో ఆసుపత్రి గుమ్మం దాకా తెచ్చి దింపేది ఈ రెండో ఆయనే, వాటా వెళ్లేదీ ఆయనకే. ఆయన పేరు రిజిస్టరులోంచి తీసేయాలంటే ముందు ఎక్కించాలి. వృత్తి నియమావళి వృత్తి గడప దగ్గరే ఆగిపోతుంది. గడప ఇవతల జరిగే బేరం దాని కంట పడదు.

ఈ గడపనే ఆసరా చేసుకుని ఒక కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అపెక్స్ లేబొరేటరీస్ అనే మందుల సంస్థ డాక్టర్లకు పంచినవాటిని వ్యాపార ఖర్చుగా చూపించి ఆదాయపు పన్ను మినహాయింపు అడిగింది. సుమారు 4.72 కోట్ల పద్దు. ఇలాంటి పద్దుల్లో ఏముంటాయో తీర్పులో చదవొచ్చు: బంగారు నాణేలు, టీవీలు, ఫ్రిజ్‌లు, ల్యాప్‌టాప్‌లు, సదస్సుల ఫీజులు. కంపెనీ వాదన విని తీరాలి. నియమావళి డాక్టర్ల కోసం రాసింది, మేం డాక్టర్లం కాము, పుచ్చుకోవడం వాళ్లకు తప్పు గానీ ఇవ్వడం మాకు తప్పని ఎక్కడుంది అని. అక్షరం చూస్తే ఆ మాట నిజమే. దొంగసొత్తు కొన్నవాడికే శిక్ష గానీ అమ్మినవాడికి రాయలేదు కదా అన్నట్టుంది.

2022 ఫిబ్రవరిలో కోర్టు ఒప్పుకోలేదు. పుచ్చుకునేవాడికి నిషిద్ధమైనది ఇచ్చేవాడికి వ్యాపారం ఎలా అవుతుందంది. ఆ టీవీ ఖరీదు చివరికి మందు ధరలో కలిసి రోగి నెత్తినే పడుతుందని కూడా చెప్పింది. గమ్మత్తేమిటంటే, వైద్యుల నీతి కోసం రాసిన ఆ వాక్యం అన్నేళ్లకు గట్టిగా పనికొచ్చింది ఆదాయపు పన్ను శాఖకు. దీన్ని ఎగతాళి చెయ్యాలని లేదు. నియమం చేయగలిగేది ఇదే. ఎవరి మనసూ మార్చదు, కానీ కాగితం మీద ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఎవడో ఒకడు దాన్ని చూపించి ఒక పద్దు కొట్టేయగలడు. సీనియరు పంపిన కవరు వద్దనడానికి ధైర్యం చాలని కుర్ర డాక్టరు, "రూల్ ఒప్పుకోదు సార్" అని తప్పించుకోగలడు. నీతి మాట ఎత్తితే సీనియరుకు కోపమొస్తుంది, రూలు మాటయితే రాదు.

ఇక ఆ కాగితాన్నే కాస్త గట్టిగా రాద్దామని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న కొత్త నియమాలు ప్రకటించింది. మందులు జెనరిక్ పేర్లతోనే రాయాలని, కంపెనీల సొమ్ముతో నడిచే సదస్సులకు వెళ్లరాదని. డాక్టర్ల సంఘాలు భగ్గుమన్నాయి. ఆగస్టు 23న పక్కన పెట్టేశారు. పుట్టిన ఇరవై ఒకటో రోజు, సరిగ్గా బారసాల నాటికి. 2002 నాటి పాత నియమాలే మళ్లీ ఉయ్యాలెక్కాయి.

మరుసటి ఏడాది మార్చిలో కేంద్ర ఫార్మా శాఖ కంపెనీలకు వేరే నియమావళి ఇచ్చింది. డాక్టర్లకు ప్రయాణాలు, హోటల్ బసలు ఇవ్వకూడదు, సదస్సులో వక్త అయితే తప్ప. ఆ "తప్ప" దగ్గర ఆగి చూడండి. రేపటి సదస్సులో వేదిక నిండా జనం, కింద ఖాళీ కుర్చీలు కనిపిస్తే నన్ను అడగొద్దు. ఇంతకీ ఉల్లంఘనల మీద ఫిర్యాదులు విచారించేది కంపెనీల సంఘాలు వేసుకున్న నీతి కమిటీలే. కోళ్లగూటికి కాపలా కమిటీని నక్కలు ఎన్నుకోవడం కొత్తేం కాదు గానీ, దానికి నీతి అని పేరు పెట్టడం కొత్త.

కానుకల సంగతి కాసేపు పక్కన పెడదాం. అక్కడ దురాశ ఉంది కాబట్టి తప్పు సులువుగా కనిపిస్తుంది. దురాశ లేనిచోట కూడా నియమం ఎలా తప్పిపోతుందో చూడాలంటే సంతకం దగ్గరికి రావాలి. ఆపరేషన్‌కు ముందు రాతపూర్వక సమ్మతి తీసుకోవాలని 2002 నియమావళి చెబుతుంది. ఎవరి దగ్గర? భర్త లేదా భార్య, మైనరయితే తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, లేదా సందర్భాన్ని బట్టి రోగి. ఈ వరుస నేను కల్పించలేదు. కోసేది ఎవరి పొట్టో వాళ్లు చిట్టచివర, అదీ సందర్భాన్ని బట్టి!

2008 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిన కేసు చూడండి. నలభై నాలుగేళ్ల అవివాహిత. లోపల ఏముందో గొట్టం వేసి చూసే పరీక్షకు సంతకం పెట్టింది. మత్తిచ్చారు. చూశాక గర్భసంచి, అండాశయాలు తీసేస్తే మంచిదని డాక్టరుకు అనిపించింది. అసిస్టెంటు బయటికొచ్చి, కంగారుగా కూర్చున్న వృద్ధురాలైన తల్లి దగ్గర ఒప్పుకోలు తీసుకుంది. తీసేశారు. ఫైలు తెరిస్తే ఏ లోటూ లేదు. ఫారం ఉంది, సంతకం ఉంది, తల్లి అనుమతి ఉంది. లేనిదల్లా మత్తు వదిలేదాకా ఆగి ఆమెనే అడుగుదామన్న ఆలోచన. ప్రాణం మీదకొచ్చిన అత్యవసరమూ లేదు. డాక్టరు సదుద్దేశంతోనే చేసి ఉండొచ్చని కోర్టు కూడా అంది. అంటూనే, ఆమె మేజరు, మతిస్థిమితం ఉన్న మనిషి, తాత్కాలికంగా మత్తులో ఉందంతే, ఆమె బదులు తల్లి ఒప్పుకోవడం చెల్లదని చెప్పింది. ఆసుపత్రి బిల్లు కొట్టేసి, ఇరవై ఐదు వేల పరిహారం ఇప్పించింది.

ఆ తర్వాత మన ఆసుపత్రులు గుణపాఠం నేర్చుకున్నాయి. ఫారాలు పొడుగయ్యాయి. మా బావగారి హెర్నియా ఆపరేషన్‌కు పొద్దున్నే ఆరింటికి నర్సమ్మ ఇంగ్లీషు కాగితాల బొత్తి తెచ్చి, "ఇక్కడొకటి, ఇక్కడొకటి, ఇక్కడొకటి సార్" అని వేలితో చూపించింది. ఆయన రిటైర్డ్ తెలుగు మాస్టారు, చదవకుండా సంతకం పెట్టరు. "ఏం రాశారమ్మా ఇందులో?" అన్నారు. "ఏం లేదు సార్, ఫార్మాలిటీ. తొందరగా కానివ్వండి, థియేటర్ వాళ్లు పిలుస్తున్నారు."

ఇంతకీ నా మోకాలు. ఎమ్మారై చీటీ జేబులో పెట్టుకుని ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ గదిలో ఫీజు బోర్డు లేదు. చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు లేదు, అసలు చీటీయే ఏదో క్యాలెండర్ వెనక కాగితం. మోకాలు పట్టుకుని వంచింది, తిప్పింది, నొక్కినచోట నేను కెవ్వుమంటే అక్కడే మళ్లీ నొక్కింది. మెట్లెక్కించి దింపించింది. "ఎమ్మారై ఎందుకండీ, తొడ కండరం వదులైపోయింది. ఈ వ్యాయామం ఆరు వారాలు చేసి రండి. తగ్గకపోతే అప్పుడు చూద్దాం" అంది. నొప్పి ఎక్కువైనప్పుడు వేసుకోమని ఒక మాత్ర రాసిచ్చింది.

మందు పేరు వీలైతే పెద్ద అక్షరాల్లో, చదవగలిగేలా రాయాలన్నది ఆ నియమావళిలోదే. ఆవిడ రాత మందుల షాపు కుర్రాడికి అర్థం కాలేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఒక పేరు ఊహించి డబ్బా తీసి, మళ్లీ అనుమానమొచ్చి ఆవిడకు ఫోన్ చేశాడు. ఊహించింది తప్పని తేలింది. వాడు ఫోన్ చేయకపోతే ఏం మింగేవాణ్నో తెలియదు.

అంచేత నా పరిస్థితి ఇది. వైద్య మండలికి ఫిర్యాదు రాద్దామని కూర్చుంటే, మొదటి ఆయన మీద నా దగ్గర ఒక్క ఆధారం లేదు. జీడిపప్పుకు బిల్లుంది. డాక్టరమ్మ మీద మాత్రం ఒకే క్యాలెండర్ కాగితం మీద రెండు ఉల్లంఘనలు, ఆవిడ చేత్తోనే రాసినవి, నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఫీజు బోర్డు కలిపితే మూడు. ఆరు వారాలవుతోంది, రేపు ఆవిడకు చూపించుకోవడానికి వెళ్లాలి. మెట్లు బాగానే ఎక్కుతున్నాను. వెళ్లేటప్పుడు ఒక తెల్లకాగితాల ప్యాడు కొనుక్కెళ్దామనుకుంటున్నాను. ఎనభై రూపాయలు. బిల్లు తీసుకుంటాను.